పాతవాళ్లు మళ్లీ ఎందుకు ఆర్డర్ పెట్టలేదు?

ఇంట్లోనే పచ్చళ్లు, పొడులు చేసి, వాట్సాప్‌లో ఆర్డర్లు తీసుకుని, కొరియర్‌లో పంపే వ్యాపారాలు ఇప్పుడు తెలుగునాట చాలా ఊళ్లలో ఉన్నాయి. వీటిలో చాలావాటికి ఎప్పుడో ఒకప్పుడు ఒకే ఇబ్బంది ఎదురవుతుంది. కొత్తవాళ్లు వస్తూనే ఉంటారు గానీ పాతవాళ్లు మళ్లీ అడగడం తగ్గిస్తారు. ఆ సంగతి గమనించగానే ఇంట్లో తలా ఒక మాట అంటారు. రేటు పెంచాం కదా అని ఒకరు, నూనె మార్చాం కదా అని ఇంకొకరు, ఇలాంటివి ఇప్పుడు వీధికొకటి ఉన్నాయని మరొకరు. వాదన తెగక, చివరికి పది శాతం డిస్కౌంట్ పెట్టి ఊరుకుంటారు. కారణం రేటు కాకపోతే ఆ పది శాతం వృథాగా వదులుకున్నట్టే. అసలు కారణం మాత్రం అలాగే ఉండిపోతుంది.

ఆ కారణాన్ని నాలుగైదు రోజుల్లో, రెండు వేల రూపాయల్లోపు ఖర్చుతో కనుక్కోవచ్చు. కావలసినవి ఆర్డర్ల పుస్తకం, ఒక ఫోను, ఓపికగా వినే మనిషి. పద్ధతి అర్థం కావడానికి ఒక ఉదాహరణ అనుకుందాం. రాజమండ్రిలో ఒక కుటుంబం గోంగూర, ఉసిరి, పండుమిర్చి, టమాటా పచ్చళ్లు చేసి హైదరాబాదు, బెంగళూరు, చెన్నై పంపుతోంది. ఈ ఏడాది జనవరి నుంచి అరకిలో సీసాలు మానేసి కిలో సీసాలే ఇస్తోంది. సీసాల ఖర్చు, ప్యాకింగ్ పని తగ్గుతాయని అలా చేసింది. ఇప్పుడు ఆగస్టు. కింద చెప్పే అంకెలన్నీ ఈ ఉదాహరణ కోసం వేసుకున్నవే. పద్ధతి మాత్రం ఏ చిన్న వ్యాపారానికైనా పనికొస్తుంది.

ముందు పుస్తకం తీయాలి

సర్వే మొదటి అడుగు ఫోన్ చేయడం కాదు, ఆర్డర్లు నిజంగా తగ్గాయా అన్నది తేల్చుకోవడం. తగ్గితే ఎవరి దగ్గర తగ్గాయో చూడాలి. పచ్చడి పాల ప్యాకెట్ లాంటిది కాదు, ఒకసారి కొంటే నెలల తరబడి వస్తుంది. కాబట్టి పోయిన నెలలో ఎన్ని ఆర్డర్లు వచ్చాయని చూస్తే ఏమీ తెలియదు. ఆవకాయ కాలాన్ని మామూలు రోజులతో పోల్చినా లెక్క తప్పుతుంది. సరైన లెక్క ఇది: జనవరి నుంచి మార్చి దాకా కొన్నవాళ్లలో ఎంతమంది ఆ తర్వాత 120 రోజుల్లోపు మళ్లీ కొన్నారు? నిరుడు అవే నెలల్లో కొన్నవాళ్లలో ఎంతమంది కొన్నారు?

మన ఉదాహరణలో నిరుడు ఆ మూడు నెలల్లో 160 మంది కొంటే 72 మంది మళ్లీ కొన్నారు. ఈ ఏడాది 240 మంది కొన్నా మళ్లీ కొన్నది 72 మందే. అంటే 45 శాతం నుంచి 30 శాతానికి పడిపోయింది. ఇక్కడే కంగారు పడకూడదు. కొత్తవాళ్లు మళ్లీ కొనడం ఎప్పుడూ తక్కువే. ఒక్కసారి రుచి చూసి వదిలేసేవాళ్లు ఎక్కువమంది ఉంటారు. ఈ ఏడాది కొత్తవాళ్లు ఒక్కసారిగా ఎక్కువ చేరి ఉంటే, ఎవరూ పోకపోయినా శాతం తగ్గినట్టు కనిపిస్తుంది. అందుకే పాతవాళ్లనీ కొత్తవాళ్లనీ విడదీసి చూడాలి.

విడదీస్తే కథ స్పష్టమవుతుంది. కొత్తవాళ్లలో నిరుడు 60 మందికి 17 మంది, ఈ ఏడాది 120 మందికి 34 మంది మళ్లీ కొన్నారు. నిష్పత్తిలో తేడా ఏమీ లేదు. పాతవాళ్లలో మాత్రం నిరుడు 100 మందికి 55 మంది మళ్లీ కొంటే ఈ ఏడాది 120 మందికి 38 మందే కొన్నారు. జబ్బు ఎక్కడుందో తెలిసింది. మళ్లీ కొనని ఆ 82 మంది పాతవాళ్ల పేర్లు, నంబర్లు ఒక కాగితం మీద రాసుకుంటే సర్వేకి జాబితా సిద్ధమైనట్టే. ఈ పని చేయకుండా మొదలుపెడితే కొత్తవాళ్ల చిన్నచిన్న ఫిర్యాదుల్లో పడి అసలు సంగతి జారిపోతుంది.

ఎవరిని అడగాలి

చాలామంది గూగుల్ ఫామ్ తయారుచేసి దాని లింకును వాట్సాప్ స్టేటస్‌లోనో గ్రూపులోనో పెడతారు. ఖర్చు లేని మాట నిజమే. కానీ స్టేటస్ చూసి, లింకు తెరిచి, ఓపికగా నింపేది ఇంకా మన మీద అభిమానం ఉన్నవాళ్లు, లేదా బాగా కోపం వచ్చినవాళ్లు. మౌనంగా తప్పుకున్నవాళ్లు ఆ ఫామ్ ముట్టుకోరు. మనకు కావలసింది వాళ్లే. జవాబుల సంఖ్య పెంచితే ఈ లోపం పోదు. 1936 అమెరికా అధ్యక్ష ఎన్నికలప్పుడు లిటరరీ డైజెస్ట్ అనే పత్రిక దాదాపు కోటి మందికి నమూనా బ్యాలెట్లు పంపింది. 20 లక్షలకు పైగా తిరిగి వచ్చాయి. వాటిని లెక్కపెట్టి లాండన్ గెలుస్తాడని చెప్పింది. గెలిచింది రూజ్వెల్ట్, అదీ 48 రాష్ట్రాల్లో 46 గెలుచుకుని. బ్యాలెట్లు చేరినవాళ్లలోనూ, తిప్పి పంపినవాళ్లలోనూ ఒక పక్షంవాళ్లే ఎక్కువ కావడం వల్ల అన్ని లక్షల జవాబులూ తప్పుదారి పట్టించాయి.

కాబట్టి ఎవరు జవాబివ్వాలన్నది వాళ్లకు వదిలేయకుండా మనమే ఎంచుకోవాలి. 82 మంది జాబితాలో ఒకరిని విడిచి ఒకరిని తీసుకుంటే 41 మంది వస్తారు. ఈమె బాగా మాట్లాడుతుంది, ఆయన చిరాకు మనిషి అని ఏరుకోకూడదు. ఫోన్ ఎత్తకపోతే వేర్వేరు రోజుల్లో, వేర్వేరు వేళల్లో మూడుసార్లు ప్రయత్నించాలి. ఇంటి దగ్గర ఉండేవాళ్లు మధ్యాహ్నం వంట అయ్యాక, ఉద్యోగాలవాళ్లు ఆదివారం పొద్దున దొరుకుతారు. తెలియని నంబరు ఎత్తరు కాబట్టి, పచ్చళ్ల నంబరు నుంచి ముందురోజే మెసేజ్ పెట్టాలి: "మీకు రేపు మా తరఫున ఒక అమ్మాయి ఫోన్ చేస్తుందండీ. అమ్మడానికి కాదు, అయిదు నిమిషాలు మీ మాట వినడానికి. వద్దనుకుంటే చెప్పండి, చేయం."

ఇంకో గుంపును కూడా అడగాలి. దీన్ని దాదాపు అందరూ మర్చిపోతారు. మళ్లీ కొన్న ఆ 38 మంది పాతవాళ్లలోనూ ఒకరిని విడిచి ఒకరిని, 19 మందిని తీసుకుని అవే ప్రశ్నలు వేయాలి. వాళ్లెందుకన్నది తర్వాత తెలుస్తుంది.

ఫోన్ చేసేది పచ్చళ్లు పెట్టే ఆవిడ కాకూడదు. మన దగ్గర మొహమాటం ఎక్కువ. ఆవిడ అడిగితే ఎవరైనా "అయ్యో, చాలా బాగున్నాయండీ, ఈ మధ్య కుదరక" అనే అంటారు. కొన్నవాళ్లకు పరిచయం లేని మనిషి కావాలి. డిగ్రీ చదివే అమ్మాయికో అబ్బాయికో నాలుగైదు రోజుల పనికి 1,500 రూపాయలిస్తే సరిపోతుంది. మిగతా ఖర్చు ఒక నోట్‌బుక్కు. ఫోన్ మాటలకు వేరే ఖర్చు లేదు, నెల రీఛార్జిలోనే వస్తాయి. జవాబు చెప్పినవాళ్లకు డిస్కౌంట్ కూపన్ ఇవ్వకండి. అది ఆశ పెట్టి అడిగినట్టవుతుంది. పైగా ఆ తర్వాత వచ్చే ఆర్డర్లు కూపన్ వల్ల వచ్చాయా, మనం చేసిన మార్పు వల్ల వచ్చాయా అన్నది తెలియకుండా పోతుంది.

ఎందుకని అడగొద్దు, ఏం జరిగిందని అడగండి

"మా దగ్గర ఎందుకు కొనడం మానేశారు?" అని నేరుగా అడగాలనిపిస్తుంది. ఆ ప్రశ్నకు జవాబు తప్పకుండా వస్తుంది, కానీ అది అసలు కారణం కాకపోవచ్చు. 1977లో రిచర్డ్ నిస్బెట్, తిమోతీ విల్సన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు ఒక ప్రయోగం గురించి రాశారు. నాలుగు జతల మేజోళ్లు వరసగా పెట్టి, ఏది నాణ్యమైనదో చెప్పమని జనాన్ని అడిగారు. నాలుగూ అచ్చంగా ఒకటే. అయినా మిగతా ఏ జతకన్నా కుడి చివర ఉన్నదాన్నే ఎక్కువమంది ఎంచుకున్నారు. ఎందుకని అడిగితే ఎవరూ అది చివర ఉండడం వల్ల అనలేదు, మేజోళ్ల గుణాలే చెప్పారు. అబద్ధం ఆడాలని కాదు. మనం చేసిన పనికి కారణం మనకే తెలియనప్పుడు, అడిగినవాళ్లకు సబబుగా తోచే కారణం ఒకటి నోటికి వచ్చేస్తుంది. కొనుగోళ్ల విషయంలో అలా ముందుగా నోటికొచ్చే మాట రేటు.

జరిగిన సంగతిని మాత్రం మనుషులు చాలావరకు సరిగ్గానే చెప్పగలరు. అందుకే ప్రశ్నలు ఆఖరిసారి ఏం జరిగిందన్న దాని చుట్టూనే ఉండాలి. నాలుగు చాలు. చివరిసారి ఏ పచ్చడి తెప్పించుకున్నారు? అది ఇంటికి చేరాక ఎలా వాడారు? ఆ తర్వాత ఇంట్లో పచ్చడి కావలసి వచ్చినప్పుడు ఏం చేశారు? అప్పుడు మా నంబరు గుర్తొచ్చిందా, గుర్తొస్తే ఎక్కడ ఆగిపోయారు? రాబోయే రోజుల్లో కొంటారా అని అడగొద్దు. మొహమాటానికి అందరూ కొంటామనే అంటారు. పదికి ఎన్ని మార్కులు వేస్తారని అడిగినా తొమ్మిదో పదో వస్తాయి, వాటితో ఏమీ చేయలేం.

ఒక ఫోన్ సంభాషణ ఇలా నడుస్తుంది.

"చివరిసారి మా దగ్గర ఏం తెప్పించుకున్నారండీ?"

"గోంగూరమ్మా. సంక్రాంతి అయ్యాక."

"ఎలా ఉందండీ?"

"బాగానే ఉంది. రేటే కాస్త ఎక్కువ."

"అలాగేనండీ. ఆ సీసా అయిపోయాక పచ్చడి ఎక్కడ తెచ్చుకున్నారండీ?"

"ఎక్కడ అయిపోయిందమ్మా! మేమిద్దరమే కదా. సగం ఇంకా ఫ్రిజ్‌లోనే ఉంది. మొన్న మా అబ్బాయి వచ్చి టమాటా పచ్చడి అడిగితే కింద షాపులో చిన్న సీసా ఒకటి తెచ్చాం."

ఇక్కడే ఆగి గమనించాలి. రెండో జవాబు దగ్గరే ఆగిపోయి ఉంటే నోట్‌బుక్కులో "రేటు" అని పడేది. మూడో ప్రశ్న వేయడం వల్ల వేరే సంగతి బయటికొచ్చింది. ఫోన్ చేసే అమ్మాయికి ముందే రెండు మాటలు గట్టిగా చెప్పాలి. ఒకటి, రేటు మాట వస్తే సమర్థించుకోకూడదు. "నూనె రేట్లు పెరిగాయి కదండీ" అన్న క్షణంలో అవతలి మనిషి జవాబు చెప్పడం మానేసి సర్దుకుపోవడం మొదలుపెడుతుంది. రెండు, విన్న మాటను తన మాటల్లోకి మార్చకుండా, విన్నది విన్నట్టే రాసుకోవాలి. "సగం ఇంకా ఫ్రిజ్‌లోనే ఉంది" అన్న వాక్యానికి ఉన్న విలువ "పరిమాణం సమస్య" అని రాస్తే ఉండదు.

మొదటి పది ఫోన్లయ్యాక ఆ కాగితాలు ముందేసుకుని చదవాలి. ఏదైనా ప్రశ్న అర్థం కావడం లేదంటే అప్పుడే మార్చుకోవాలి. ఆ తర్వాత మిగతా అందరినీ ఒకేలా అడగాలి.

జవాబులు లెక్కకట్టడం

41 మందిలో 27 మంది మాట్లాడారనుకుందాం. ఒక్కో కాగితం మీద రెండు గడులు గీయాలి. మొదటి గడిలో వాళ్లు చెప్పిన కారణం, రెండో గడిలో వాళ్లింట్లో నిజంగా జరిగింది. ఈ రెండింటినీ కలపకూడదు.

మొదటి గడిలో 11 మంది రేటు అన్నారు. ఏడుగురు "ప్రత్యేకంగా ఏం లేదండీ" అన్నారు. మిగతావాళ్లు రుచి, కొరియర్ ఆలస్యం, పాత పచ్చడి ఇంకా ఉందని చెప్పారు. ఇంతవరకే చూస్తే రేటు తగ్గించాలనే అనిపిస్తుంది. ఇప్పుడు పక్కన పెట్టిన ఆ రెండో గుంపును తీయాలి. మళ్లీ కొన్న పాతవాళ్లలో 15 మంది మాట్లాడితే వాళ్లలోనూ ఆరుగురు రేటు ఎక్కువన్నారు. అటు 27లో 11, ఇటు 15లో ఆరు, రెండూ దాదాపు 40 శాతమే. రేటు ఎక్కువన్నవాళ్లు ఇటూ అదే పాళ్లలో ఉన్నారు, అయినా కొంటూనే ఉన్నారు. రెండు గుంపులూ సమానంగా చెప్పే మాట వాళ్ల మధ్య తేడాకు కారణం కాలేదు. ఉన్నవాళ్లను కూడా అడగాలన్నది ఇందుకే.

రెండో గడి చూస్తే 27 మందిలో 14 మంది ఇళ్లలో కిలో సీసా ఇంకా అయిపోలేదు. ఆరుగురు చిన్న సీసా చాలని దగ్గర్లోని షాపులో కొనుక్కున్నారు. అంటే 20 మంది కథ సీసా సైజు దగ్గరే తిరుగుతోంది. మళ్లీ కొన్నవాళ్లలో ఇలా చెప్పింది ఇద్దరే. రేటు అన్న 11 మందిలోనూ ఏడుగురు అంతకుముందు అరకిలో సీసాలు కొన్నవాళ్లే. సీసాకి 300 ఇచ్చే చేయి ఒక్కసారిగా 600 ఇవ్వాల్సి వచ్చింది. కిలో రేటు మారకపోయినా వాళ్లకది రేటు పెరిగినట్టే. ఒకే మాట వెనక వేరే సంగతి ఉందని ఇలా తెలుస్తుంది.

ఇంత చిన్న సర్వేకి హద్దులున్నాయి. 27లో 20 మంది అన్నారు కాబట్టి 82 మందిలో సరిగ్గా 74 శాతం ఇదే కారణమని చెప్పలేం. సగానికి పైగా ఇదే అని మాత్రం ధైర్యంగా చెప్పొచ్చు. ముగ్గురు నలుగురు చెప్పిన కారణాల్లో ఏది పెద్దది, ఏది చిన్నది అని వాటిలో వాటికి పోలిక పెట్టకూడదు. ఒకరిద్దరి తేడా యాదృచ్ఛికంగానే రావచ్చు. ఒక్క మినహాయింపు ఉంది. బూజు పట్టింది, సీసా కారింది లాంటి మాట ఒక్కరన్నా సరే, ఆ పార్సిల్ తేదీ, ఆ బ్యాచ్ వెంటనే చూడాలి. దానికి శాతాలు అక్కర్లేదు.

ఫోన్‌కు దొరకని 14 మంది మాటేమిటన్న అనుమానం కూడా న్యాయమైనదే. వాళ్లు మాట్లాడకపోయినా వాళ్ల పాత ఆర్డర్లు పుస్తకంలో ఉన్నాయి. అరకిలో కొనేవాళ్లు మాట్లాడినవాళ్లలో ఎంతమందో, దొరకనివాళ్లలోనూ దాదాపు అదే పాళ్లలో ఉంటే సర్వే ఒక పక్కకు ఒరిగిపోలేదని కొంత ధీమాగా ఉండొచ్చు.

విన్నదాన్ని పుస్తకంతో సరిచూడాలి

మనుషులు చెప్పింది నిజమైతే దాని గుర్తు ఆర్డర్ల పుస్తకంలో కనిపించి తీరాలి. సీసా సైజే కారణమైతే, ముందునుంచీ కిలో కొనేవాళ్లు పెద్దగా తగ్గకూడదు. అరకిలో కొనేవాళ్లే తగ్గాలి. 120 మంది పాతవాళ్లను అలా విడదీస్తే, కిలోల లెక్కన కొనే 50 మందిలో 25 మంది మళ్లీ కొన్నారు. నిరుడు పాతవాళ్లందరి లెక్క 55 శాతం కాబట్టి ఇది దానికి దగ్గరగానే ఉంది. అరకిలో కొనే 70 మందిలో మళ్లీ కొన్నది 13 మందే. నూనె మార్చడమో రుచి పోవడమో కారణమైతే ఈ రెండు గుంపులూ దాదాపు ఒకేలా తగ్గేవి. ఫోన్‌లో విన్నమాటా పుస్తకంలో అంకే ఒకే వైపు చూపిస్తున్నాయి.

ఇందులో ఇంకో సంగతి కూడా దాగి ఉంది. సీసా ఇంకా అయిపోని 14 మందీ మనల్ని వదిలి పోయినవాళ్లు కాకపోవచ్చు. అరకిలో రెండు నెలలకు అయిపోతే కిలో నాలుగు నెలలు వస్తుంది. వాళ్లలో కొందరు ఆలస్యంగానైనా మళ్లీ వస్తారు. షాపులో చిన్న సీసా కొన్న ఆరుగురు మాత్రం నిజంగా చేజారినట్టే. కాబట్టి 82 మందీ పోయారని బెంగపడడం ఎంత తప్పో, అందరూ వాళ్లంతట వాళ్లే వస్తారని కూర్చోవడమూ అంతే తప్పు.

మార్పును పరీక్షించాలి

కారణం తెలిసింది కదా అని అరకిలో సీసాలు మళ్లీ మొదలుపెట్టి, అందరికీ మెసేజ్ పెడితే కొన్ని ఆర్డర్లు తప్పకుండా వస్తాయి. అవి సీసా వల్ల వచ్చాయా, మెసేజ్ చూసి మనం గుర్తొచ్చినందువల్ల వచ్చాయా అన్నది తెలియదు. దీనికి పైసా ఖర్చు లేని ఉపాయం ఉంది. అరకిలో కొనేవాళ్లలో ఆగిపోయినవాళ్లు 57 మంది. చీటీలు వేసి వాళ్లను రెండు సగాలు చేయాలి. సర్వేలో మాట్లాడినవాళ్లు రెండు వైపులా సమానంగా ఉండేలా చూసుకోవాలి. ఎందుకంటే వాళ్లకు మనం ఇప్పటికే ఒకసారి గుర్తొచ్చాం.

మొదటి సగానికి "కొత్త బ్యాచ్ తయారైందండీ" అని మాత్రమే పంపాలి. రెండో సగానికి అదే మెసేజ్‌లో ఇంకో వాక్యం చేర్చాలి: "ఇకనుంచి అరకిలో సీసాలు కూడా ఉన్నాయి. కిలో పార్సిల్‌లో మీకు నచ్చిన రెండు రకాలు చెరో అరకిలో తీసుకోవచ్చు." కిలో పార్సిల్‌గానే పంపుతాం కాబట్టి కొరియర్ ఖర్చు పెద్దగా పెరగదు. ఇంట్లో ఒకే పచ్చడి నెలల తరబడి తినాల్సిన బాధా ఉండదు. మెసేజ్‌లు ఒకే రోజు, ఒకే వేళకు పంపి 45 రోజులు ఆగాలి. ఈలోగా మొదటి సగంలో ఎవరైనా అరకిలో అడిగితే కాదనకుండా ఇచ్చి, వాళ్లను మొదటి సగంలోనే లెక్కపెట్టాలి.

మొదటి సగంలో 28 మందికి నలుగురు, రెండో సగంలో 29 మందికి 12 మంది ఆర్డర్ పెడితే నిర్ణయం తేలికే. అరకిలో సీసాలు తిరిగి తేవాలి, రేటు జోలికి పోనక్కర్లేదు. అయిదుగురు, ఏడుగురు అని వస్తే అది యాదృచ్ఛిక తేడా కావచ్చు. ఇంకో నెల చూడాలి. అప్పటికీ తేడా రాకపోతే ఒకేసారి 600 కట్టడమే వాళ్లకు బరువైందేమో చూడాలి. అప్పుడు ఒక్క అరకిలో సీసా పార్సిల్‌ను, దానికయ్యే కొరియర్ ఖర్చు విడిగా చూపించి, మళ్లీ ఇలాగే సగం మందికి పంపి చూడాలి. రెండు మార్పులూ ఒకేసారి చేస్తే దేనివల్ల ఫలితం వచ్చిందో చెప్పలేం.

ఇవాళ్టి నుంచే ఆర్డర్ల పుస్తకంలో ఒక వరస అదనంగా గీసుకుంటే వచ్చే ఏడాది ఈ పని ఇంకా సులువవుతుంది. ప్రతి ఆర్డర్ పక్కన ఆ మనిషి అంతకుముందు కొన్న తేదీ, సీసా సైజు రాయాలి. సైజు, రేటు, నూనె, కొరియర్ ఏది మార్చినా ఆ తేదీని అదే పుస్తకంలో పెద్దక్షరాలతో రాయాలి. మళ్లీ ఎప్పుడైనా ఆర్డర్లు తగ్గితే, తగ్గుదల ఏ తేదీ తర్వాత మొదలైందో చూసుకుని ఎవరికి ఫోన్ చేయాలో ఆ పూటే తేల్చుకోవచ్చు.